పసుపు పొడి సాక్ష్యం

మీ బడి ప్రయోగశాల బీరువాలో రెండు సీసాలు దొరికాయనుకోండి. చెదలు తిన్నాయో, చెమ్మకు ఊడిపోయాయో గాని రెండింటిమీదా చీటీలు లేవు. రెండింటిలోనూ నీళ్లలాంటి ద్రవమే. రెండూ నీళ్లలో చక్కగా కలిసిపోతాయి. రెండూ నీలిమంటతో మండుతాయి. వాసనలో కూడా పెద్ద తేడా లేదు. ఒకటి ఇథైల్ ఆల్కహాల్, రెండోది మిథైల్ ఆల్కహాల్ అని మాత్రం మీ మాష్టారికి గుర్తుంది. ఏది ఏదో గుర్తు లేదు.

ఈ తేడా చిన్నదేమీ కాదు. మిథైల్ ఆల్కహాల్ కొద్దిగా కడుపులోకి పోయినా శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కళ్లు పోగొడుతుంది, ప్రాణం కూడా తీస్తుంది. కల్తీసారా తాగి మనుషులు చనిపోయారన్న వార్తల్లో చాలాసార్లు దోషి ఇదే. కాబట్టి రుచి చూసి తెలుసుకుందామన్న మాట పొరపాటున కూడా అనుకోకూడదు. మరి ఎలా తెలుసుకోవాలి?

దీనికో పాత పరీక్ష ఉంది. 1870లో జర్మన్ భాషలో వ్యాసం రాసి దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు ఆడాల్ఫ్ లీబెన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. రెండు సీసాల్లో ఒకదానితో లేతపసుపు రంగు పొడి అడుగున పేరుకుంటుంది. రెండోదానితో ఏమీ రాదు. ఆ పొడి పేరు అయొడోఫారం. ఈ పరీక్ష ఎలా చెయ్యాలో, ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ మనల్ని మోసం చేస్తుందో ఇప్పుడు చూద్దాం.

పరీక్ష చేసే పద్ధతి

ముందు అయొడిన్ ద్రావణం కావాలి. అయొడిన్ వట్టి నీళ్లలో సరిగా కరగదు. అందుకని 20 గ్రాముల పొటాషియం అయొడైడ్‌ను కొద్ది నీళ్లలో కరిగించి, అందులో 10 గ్రాముల అయొడిన్ వేసి కలిపి, మొత్తం 100 మి.లీ. అయ్యేట్టు నీళ్లు పోస్తారు. ముదురు గోధుమరంగు ద్రావణం తయారవుతుంది. దీనితోపాటు నూటికి పది పాళ్ల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కావాలి. ఇది చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది కనుక ఈ పనంతా మాష్టారి ఎదుటే, కళ్లద్దాలు పెట్టుకునే చెయ్యాలి.

పరీక్షనాళికలో అయిదారు చుక్కల ద్రవం, 2 మి.లీ. నీళ్లు, 1 మి.లీ. సోడియం హైడ్రాక్సైడ్ పొయ్యండి. తరవాత అయొడిన్ ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తూ కలపండి. మొదట్లో గోధుమరంగు పడీ పడగానే మాయమవుతుంది. రంగు నిలిచేదాకా వేస్తూ పొండి. అప్పుడు నాళికను 60 డిగ్రీల వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచండి. వేడికి రంగు మళ్ళీ పోతే ఇంకాస్త అయొడిన్ వెయ్యండి. చివర్లో మిగిలిన గోధుమరంగును పోగొట్టేందుకు ఒకటి రెండు చుక్కల క్షారం వేసి, నాళిక నిండా నీళ్లు పోసి చల్లారనివ్వండి. ఇథైల్ ఆల్కహాల్ అయితే లేతపసుపు పొడి మెల్లగా కిందికి దిగుతుంది. దవాఖానాలో గాయాలకు కట్టే కట్లను గుర్తుకు తెచ్చే ఘాటు వాసన వస్తుంది. ఆ పొడిని వడకట్టి, ఆరబెట్టి కరిగిస్తే సుమారు 119 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆ అంకెతో పొడి అయొడోఫారమేనని రూఢి అవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అయొడిన్ ద్రావణం లేదుకదా అని కొందరు గాయాలకు పూసే టింక్చర్ అయొడిన్ వాడేస్తారు. దానితో చేసి చూడండి: ఇథైల్ ఆల్కహాల్‌కూ పసుపు పొడి వస్తుంది, మిథైల్ ఆల్కహాల్‌కూ వస్తుంది, ఆఖరికి వట్టి మంచినీళ్లకూ వస్తుంది! కారణం ఆలోచించారా? టింక్చర్ అంటేనే ఆల్కహాల్‌లో కరిగించిన మందు. మనం వెతుకుతున్న దొంగను మనమే జేబులో పెట్టుకుని తీసుకువచ్చామన్నమాట. అందుకే ఏ పరీక్ష చేసినా పక్కన ఇంకో నాళికలో వట్టి నీళ్లతో అదే పని చేసి చూసుకోవాలి. నీళ్లకు కూడా పొడి వస్తే తప్పు ద్రవంలో లేదు, మన సీసాలో ఉంది.

పక్కింటి కార్బన్

ఇప్పుడు అసలు ప్రశ్న. అయొడిన్ ఇథైల్ ఆల్కహాల్‌ను ఎలా పట్టుకుంది? దీనికి జవాబు ఆల్కహాల్ దగ్గర కాక, దాని బంధువయిన ఎసిటోన్ దగ్గర మొదలుపెడితే సులువుగా తెలుస్తుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవాల్లో చాలాకాలం వాడింది ఈ ఎసిటోన్‌నే. దాని ఫార్ములా CH₃COCH₃.

మధ్యన ఉన్న కార్బన్‌కు ఆక్సిజన్ జంటబంధంతో అతుక్కుని ఉంది. ఈ C=O జంటను కార్బొనైల్ అంటారు. దానికి అటూ ఇటూ ఉన్న పక్కింటి కార్బన్లను ఆల్ఫా కార్బన్లు అంటారు. ఆల్ఫా కార్బన్ మీద ఉన్న హైడ్రోజన్లు మామూలు హైడ్రోజన్ల వంటివి కావు. ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లంటే ఆశ ఎక్కువ. జంటబంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. ఆ లాగుడు పక్కింటిదాకా తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆల్ఫా హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్‌ను విడిచి వెళ్ళిపోతే, మిగిలిన ఎలక్ట్రాన్ జంట భారాన్ని ఆల్ఫా కార్బన్ ఒక్కటే మోయనక్కరలేదు. ఆక్సిజన్ కూడా భుజం ఇస్తుంది. రెండిళ్ల అవతల ఉన్న కార్బన్‌కు ఈ సౌకర్యం లేదు. అందుకే హైడ్రోజన్ ఊడడమంటూ జరిగితే ఆల్ఫా స్థానం నుంచే ఊడుతుంది.

ఊడిన హైడ్రోజన్ ఒక్కొక్కప్పుడు వెళ్ళి ఆక్సిజన్ మీద కూర్చుంటుంది. అప్పుడు జంటబంధం రెండు కార్బన్ల మధ్యకు జరుగుతుంది. CH₃COCH₃ కాస్తా CH₂=C(OH)CH₃ అవుతుంది. ఈ రెండో రూపాన్ని ఈనాల్ అంటారు. ఎసిటోన్‌లో ఈనాల్ ఎంత ఉంటుందో తెలుసా? వంద కోట్ల అణువులకు ఓ అయిదారు! కాని ఆ అయిదారే కథ నడిపిస్తాయి. కార్బన్ల మధ్య జంటబంధంలో ఎలక్ట్రాన్లు సమృద్ధిగా ఉంటాయి. అయొడిన్, బ్రోమిన్, క్లోరిన్ వంటి హాలొజన్లు ఎలక్ట్రాన్ల కోసం కాచుకుని కూర్చుంటాయి. ఈనాల్ కనిపించడమే తడవు, ఒక హాలొజన్ పరమాణువు ఆల్ఫా కార్బన్‌కు అతుక్కుంటుంది. ఆక్సిజన్ మీది హైడ్రోజన్ వెళ్ళిపోయి కార్బొనైల్ మళ్ళీ ఏర్పడుతుంది. ఆల్ఫా హైడ్రోజన్ ఒకటి పోయి దాని స్థానంలో హాలొజన్ వచ్చిందన్నమాట. దీన్నే ఆల్ఫా హాలొజనీకరణం అంటారు.

అయొడిన్ పెంచినా పెరగని వేగం

"ఈనాల్ అయిదారే ఉందంటున్నారు, మరి అది ఉందని ఎవరు చూశారు?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. దానికి చాలా చిత్రమైన సాక్ష్యం ఉంది.

50 మి.లీ. ద్రావణం ఇలా తయారుచేశారనుకోండి. 3 మి.లీ. ఎసిటోన్‌కు నీళ్లు కలిపి 10 మి.లీ. చేశారు. లీటరుకు 36.5 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ. పోశారు. నీళ్లు 20 మి.లీ. కలిపారు. చివరగా లీటరుకు 1.27 గ్రాముల అయొడిన్ ఉన్న ద్రావణం, పొటాషియం అయొడైడ్ వేసి చేసినది, 10 మి.లీ. పోసి గడియారం చూశారు. గది వేడి 25 డిగ్రీలుంటే, పసుపు ఛాయ పూర్తిగా పోవడానికి దాదాపు 4 నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు నీళ్లు 10 మి.లీ. తగ్గించి ఆమ్లం 10 మి.లీ. ఎక్కువ పొయ్యండి. రంగు 2 నిమిషాల్లోనే పోతుంది. ఆమ్లం రెట్టింపయితే చర్య వేగం రెట్టింపయింది. ఎసిటోన్ రెట్టింపు చేసినా అంతే. మరి అయొడిన్ రెట్టింపు చేస్తే? వేగం రెట్టింపవుతుందని మీరు అనుకుంటారు. కాని రంగు పోవడానికి 8 నిమిషాలు పడుతుంది. అంటే రెట్టింపు అయొడిన్ ఖర్చు కావడానికి రెట్టింపు కాలం పట్టింది. నిమిషానికి ఖర్చయ్యే అయొడిన్ మాత్రం మారలేదు!

1904లో బ్రోమిన్‌తో ఇలాంటి ప్రయోగాలే చేసి, ఆర్థర్ లాప్‌వర్త్ అనే శాస్త్రజ్ఞుడు దీని అర్థం చెప్పాడు. సినిమాహాలు దగ్గర టికెట్లిచ్చే కిటికీ ఒకటే ఉందనుకోండి. లోపల గేటు దగ్గర టికెట్లు చింపేవాళ్లు మాత్రం పదిమంది ఉన్నారు. ఆ పదిమందిని ఇరవై మందిని చేసినా హాలు త్వరగా నిండుతుందా? నిండదు. ఆలస్యమంతా కిటికీ దగ్గరే. ఎసిటోన్ ఈనాల్‌గా మారడమే ఆ కిటికీ. అందులో అయొడిన్ ప్రమేయం లేదు, ఎసిటోన్, ఆమ్లం మాత్రమే పాల్గొంటాయి. ఈనాల్ తయారైన క్షణంలోనే అయొడిన్ దాన్ని పట్టుకుంటుంది. అందుకే అయొడిన్ ఎంత ఉందన్నది వేగానికి పట్టదు. అయొడిన్ బదులు బ్రోమిన్ వాడినా వేగం అంతే ఉంటుంది. కంటికి కనిపించని మధ్యమెట్టును గడియారంతో పట్టుకోవడం అంటే ఇదే.

ఈ ప్రయోగంలో పుట్టే అయొడోఎసిటోన్ కళ్లను మండిస్తుంది. ఇంత పలచని ద్రావణంలో అది కొంచెమే ఉంటుంది గాని, కిటికీలు తెరిచి మాష్టారి సమక్షంలోనే చెయ్యాలి. దీని చెల్లెలు బ్రోమోఎసిటోన్‌ను మొదటి ప్రపంచయుద్ధంలో కన్నీటివాయువుగా వాడారు. బ్రోమిన్‌తో ఈ ప్రయోగం బడిలో చెయ్యకూడనిది అందుకే.

ఆమ్లంలో ఒకటి, క్షారంలో మూడు

ఆమ్లంలో చేస్తే ఎసిటోన్‌కు ఒక్క హాలొజన్ అతుక్కున్నాక చర్య మందగిస్తుంది. క్షారంలో చేస్తే మొదటిదాని వెనక రెండోది, దాని వెనక మూడోది వచ్చి అతుక్కుంటాయి. ఒకే పదార్థాలు, ఒకే చర్య. ఎందుకీ తేడా?

ఆమ్లంలో ఈనాల్ తయారయ్యే పద్ధతి చూడండి. మొదట కార్బొనైల్ ఆక్సిజన్ ఒక హైడ్రోజన్ అయాన్‌ను తనమీదికి తీసుకోవాలి. అలా తీసుకోవాలంటే దాని దగ్గర ఎలక్ట్రాన్లు ధారాళంగా ఉండాలి. ఒక హాలొజన్ వచ్చి చేరిందంటే అదీ ఎలక్ట్రాన్లను లాగే రకమే. ఆక్సిజన్ వాటాకు గండి పడుతుంది. హైడ్రోజన్ అయాన్‌ను తీసుకునే శక్తి తగ్గుతుంది. అందుచేత హాలొజన్ చేరిన అణువుకంటే, ఇంకా చేరని ఎసిటోన్ అణువే ముందుగా ఈనాల్ అవుతుంది. ఒక్కొక్క అణువుకూ ఒక్కొక్క హాలొజన్ దక్కి పంక్తిభోజనంలా సాగుతుంది.

క్షారంలో పద్ధతి వేరు. అక్కడ హైడ్రాక్సైడ్ అయాన్ నేరుగా ఆల్ఫా హైడ్రోజన్‌నే లాగేస్తుంది. మిగిలిన అయాన్ మీద ఋణావేశం ఉంటుంది. ఈసారి హాలొజన్ ఎలక్ట్రాన్లను లాగడం అడ్డుకాదు, సాయం. ఋణావేశం భారాన్ని అదీ కొంత పంచుకుంటుంది కనుక, మిగిలిన హైడ్రోజన్లు ఇంకా తేలికగా ఊడతాయి. మొదటి హాలొజన్ చేరడం కష్టం, రెండోది సులువు, మూడోది మరీ సులువు. ఒకసారి మొదలైన అణువు మూడూ నింపుకుని CI₃COCH₃ అయ్యేదాకా ఆగదు. ఎసిటోన్ ఎక్కువుండి అయొడిన్ తక్కువుంటే, అన్ని అణువులకూ తలా ఒకటి పంచబడదు. కొన్ని అణువులు మూడేసి తీసుకుంటాయి, మిగిలినవి ఖాళీగా ఉండిపోతాయి.

మూడూ చేరాక అసలు నాటకం జరుగుతుంది. హైడ్రాక్సైడ్ అయాన్ ఈసారి కార్బొనైల్ కార్బన్ మీదకే వెళ్ళి అతుక్కుంటుంది. దానికి చోటిచ్చేందుకు ఎవరో ఒకరు తప్పుకోవాలి. మామూలుగా ఒక కార్బన్ ఎలక్ట్రాన్ జంటతో విడిపోవడమన్నది జరిగే పని కాదు. కాని మూడు అయొడిన్లు మూడువైపులా భారం మోస్తున్న CI₃ ముక్కకు ఆ పని సాధ్యమవుతుంది. అది తెగిపోయి, ఒక హైడ్రోజన్‌ను సంపాదించి CHI₃ అవుతుంది. అదే మన పసుపు అయొడోఫారం. మిగిలిన సగం సోడియం ఎసిటేట్‌గా ద్రావణంలో ఉండిపోతుంది. మొత్తం లెక్క ఇది:

CH₃COCH₃ + 3I₂ + 4NaOH → CHI₃ + CH₃COONa + 3NaI + 3H₂O

ఇందులో రహస్యమంతా మూడనే అంకెలో ఉంది. కార్బొనైల్ పక్కన CH₃ ఉంటేనే మూడు హైడ్రోజన్ల స్థానంలో మూడు హాలొజన్లు చేరతాయి. మూడు చేరితేనే ముక్క తెగుతుంది. CH₂ ఉంటే రెండే చేరతాయి, ముక్క తెగదు, పసుపు పొడి రాదు. అందుకే ఈ పరీక్ష మిథైల్ కీటోన్లను గుర్తించే పరీక్ష అయింది. హాలొజన్ ఏదయినా జరిగేది ఇదే. క్లోరిన్ అయితే క్లోరోఫారం, బ్రోమిన్ అయితే బ్రోమోఫారం వస్తాయి. అవి రెండూ రంగులేని ద్రవాలు కనుక నీళ్లడుగున కనిపెట్టడం కష్టం. అయొడోఫారం పసుపు పొడి కనుక పరీక్షకు అదే అనువు.

ఒక చుక్క లెక్క

పరీక్షలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒక చిన్న లెక్కతో బయటపడుతుంది. ఒక చుక్క ఎసిటోన్ సుమారు 0.04 గ్రాములు. పై సమీకరణం ప్రకారం 58 గ్రాముల ఎసిటోన్‌కు 762 గ్రాముల అయొడిన్ కావాలి. అంటే ఆ ఒక్క చుక్కకే అర గ్రాము పైచిలుకు అయొడిన్ కావాలి. మన ద్రావణంలో 100 మి.లీ.కు 10 గ్రాములుంది కదా, కాబట్టి చుక్కకు 5 మి.లీ. పైగా పొయ్యాలన్నమాట! వచ్చే అయొడోఫారం 0.27 గ్రాములు.

ఎసిటోన్ చుక్కకు బదులు చెంచాడు పోసి, అయొడిన్ నాలుగు చుక్కలు వేస్తే ఏమవుతుంది? గోధుమరంగు మాయమవుతుంది, పొడి కనిపించదు. కొద్దిగా ఏర్పడిన అయొడోఫారం కూడా మిగిలిన ఎసిటోన్‌లోనే కరిగిపోతుంది. నీళ్లు బాగా పోస్తే అప్పుడు బయటపడవచ్చు. మరో పొరపాటు క్షారం ఎక్కువ పోసి సలసలా మరిగించడం. అప్పుడు అయొడిన్ చర్యకు పనికిరాని అయొడేట్‌గా మారిపోతుంది, పుట్టిన అయొడోఫారం కూడా మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. 60 డిగ్రీలు, రెండు నిమిషాలు అని చెప్పింది ఇందుకే.

ఇక మన ఆల్కహాల్ సంగతి. ఇథైల్ ఆల్కహాల్‌లో, CH₃CH₂OH, కార్బొనైల్ లేదు. కాని క్షారంలో అయొడిన్ కొంత హైపోఅయొడైట్‌గా మారుతుంది. అది ఆక్సీకరణి. ఆల్కహాల్‌ను ఎసిటాల్డిహైడ్‌గా, అంటే CH₃CHOగా మారుస్తుంది. అందులో CH₃ ఉంది, పక్కనే కార్బొనైల్ ఉంది. ఆపైన కథ మామూలే. ఈ అదనపు మెట్టు కోసమే ఆల్కహాల్‌ను కాస్త వేడిచెయ్యాలి. ఎసిటోన్‌తో అయితే చల్లగా ఉన్నప్పుడే పొడి వచ్చేస్తుంది. మిథైల్ ఆల్కహాల్, CH₃OH, ఆక్సీకరణం చెందినా CH₂O అవుతుంది. అందులో ఉన్నది ఒకే కార్బన్. కార్బొనైల్‌కు పక్కిల్లే లేదు! అందుకే పసుపు పొడి రాదు.

ఎసిటిక్ ఆమ్లం ఎందుకు లొంగదు?

చురుకైన పాఠకులకు ఈపాటికి ఒక సందేహం వచ్చి ఉండాలి. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం CH₃COOH. అందులోనూ CH₃ ఉంది, పక్కన C=O ఉంది. మరి అయొడోఫారం రావాలిగా? రాదు. నాళికలో క్షారం ఉంది కదా, అది ఆల్ఫా హైడ్రోజన్ దాకా వెళ్ళకుండా ముందు ఆమ్లపు హైడ్రోజన్‌నే లాగేస్తుంది. మిగిలిన ఎసిటేట్ అయాన్‌కు అప్పటికే ఋణావేశం ఉంది. దాని దగ్గరనుంచి ఇంకో హైడ్రోజన్‌ను లాగి రెండో ఋణావేశం మోపడం హైడ్రాక్సైడ్ వల్ల కాదు. అందుకే అక్కడితో ఆగిపోతుంది.

క్షారం లేకుండా ఉత్త బ్రోమిన్‌తో ప్రయత్నించినా కార్బాక్సిలిక్ ఆమ్లాలు ఈనాల్‌గా మారడానికి చాలా బద్ధకిస్తాయి. ఈ బద్ధకానికి మందు కనిపెట్టినవారు ముగ్గురు: 1881లో హెల్, 1887లో ఫోల్‌హార్డ్, జెలిన్‌స్కీ. వాళ్ల ఉపాయం కొంచెం ఎర్రభాస్వరం వెయ్యడం. భాస్వరం బ్రోమిన్‌తో కలిసి భాస్వరం ట్రైబ్రోమైడ్ అవుతుంది. అది ఆమ్లంలోని OHను తీసేసి ఆ స్థానంలో Br పెడుతుంది. ఇలా వచ్చిన ఆమ్ల బ్రోమైడ్ ఆమ్లంలా బద్ధకించదు, తేలికగా ఈనాల్ అవుతుంది. బ్రోమిన్ వెంటనే ఆల్ఫా కార్బన్‌ను పట్టుకుంటుంది. చివర్లో నీళ్లు పోస్తే ఆమ్లం తిరిగి వస్తుంది, ఆల్ఫా స్థానంలో ఒక బ్రోమిన్‌తో సహా.

ప్రొపియానిక్ ఆమ్లం, CH₃CH₂COOHతో ఇలా చేస్తే CH₃CHBrCOOH వస్తుంది. దానిని అమోనియాలో ఉంచితే బ్రోమిన్ పోయి NH₂ చేరుతుంది. అదే అలనీన్, మన శరీరంలోని మాంసకృత్తుల్లో ఉండే ఎమైనో ఆమ్లాల్లో ఒకటి. ఈ పద్ధతికీ హద్దుంది. ఆల్ఫా కార్బన్ మీద కనీసం ఒక్క హైడ్రోజనైనా ఉండి తీరాలి. బెంజోయిక్ ఆమ్లంలో అది లేదు, కనుక ఎంత భాస్వరం వేసినా ఈ చర్య జరగదు.

హైదరాబాదులో క్లోరోఫారం

ఈ చర్య ఒకప్పుడు శస్త్రవైద్యాన్నే మార్చింది. 1831 ప్రాంతంలో అమెరికాలో గత్రీ, ఫ్రాన్సులో సుబేరాన్, జర్మనీలో లీబిగ్ ఒకరికి తెలియకుండా ఒకరు క్లోరోఫారం తయారుచేశారు. మొదటి ఇద్దరూ చేసింది ఆల్కహాల్‌ను బ్లీచింగు పౌడరుతో కలపడం. బ్లీచింగు పౌడరులో క్లోరినూ ఉంది, క్షారమూ ఉంది. లీబిగ్ తీసుకున్నది క్లోరాల్, అంటే CCl₃CHO. అప్పటికే మూడు క్లోరిన్లు చేరి ఉన్న పదార్థమన్నమాట. దానికి క్షారం తగలగానే చివరి మెట్టు ఒక్కటే జరిగి క్లోరోఫారం ఊడిపడింది.

1847లో ఎడింబరోలో సింప్సన్ దానిని మత్తుమందుగా వాడి చూపాడు. అయితే కొందరు రోగులు బల్లమీదే హఠాత్తుగా చనిపోతుండేవారు. కారణమేమిటో తేల్చడానికి నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ సాయంతో 1888లోనూ, 1889లోనూ హైదరాబాదులో క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. నడిపించినవాడు ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు. ముందు శ్వాస ఆగుతుందనీ, శ్వాసను జాగ్రత్తగా కనిపెట్టి ఉంటే గుండెకు ప్రమాదం లేదనీ కమిషన్ తేల్చింది. అది పూర్తిగా సరికాదని, క్లోరోఫారం గుండెను కూడా ఆపగలదని తరవాతి కాలంలో ఋజువయింది. కాలేయానికీ అది చేటే. ఇప్పుడు మత్తుకు దానిని వాడడం మానేశారు.

కనుక ఇంట్లో బ్లీచింగు పౌడరునో, బట్టలు తెల్లబరిచే ద్రవాన్నో ఎసిటోన్‌తోగాని, ఆల్కహాల్‌తోగాని ఎన్నడూ కలపకండి. చర్య విపరీతమైన వేడి పుట్టిస్తుంది, క్లోరోఫారం ఆవిరి వస్తుంది. 1974లో రాటర్‌డామ్‌లో రూక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మరో సంగతి బయటపెట్టాడు. నదినీటిలో కుళ్ళిన ఆకులలములనుంచి కరిగిన పదార్థాలుంటే, క్లోరిన్‌తో శుద్ధి చేసేటప్పుడు అందులోనూ కొద్దికొద్దిగా క్లోరోఫారం పుడుతుందని. అందుకే నీటిని ముందు బాగా తేర్చి, వడకట్టి, ఆ తరవాతే క్లోరిన్ కలపడం మంచిది.

మూడో సీసా

మళ్ళీ మన బీరువా దగ్గరికి వద్దాం. రెండు సీసాలకూ పరీక్ష చేశారు. ఒకదానికి పసుపు పొడి వచ్చింది, రెండోదానికి రాలేదు, వట్టి నీళ్లకూ రాలేదు. ఇథైల్ ఏదో మిథైల్ ఏదో తేలిపోయింది. చీటీలు అంటించారు.

ఇప్పుడు బీరువా మూలనుంచి మూడో సీసా బయటపడింది. అందులో ఏముందో మాష్టారికి కూడా తెలియదు. పరీక్ష చేస్తే చక్కటి పసుపు పొడి వచ్చింది. "అయితే ఇది ఇథైల్ ఆల్కహాలే" అని చీటీ అంటించవచ్చా?

వద్దు. చేతులు శుభ్రం చేసుకునే ద్రవాల్లో ఉండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా ఆక్సీకరణం చెంది ఎసిటోన్ అవుతుంది, దానికీ పసుపు పొడి వస్తుంది. అంతకంటే ప్రమాదం ఇంకొకటి. ఆ సీసాలో సగం ఇథైల్, సగం మిథైల్ కలిసి ఉన్నాయనుకోండి. ఇథైల్ ఉన్నది గనక పొడి వస్తుంది. దాని చాటున మిథైల్ దాక్కుంటుంది. కల్తీసారాలో ఉండేది సరిగ్గా ఇలాంటి మిశ్రమమే. పసుపు పొడి "ఇక్కడ నేనున్నాను" అని మాత్రమే చెప్పగలదు, "నా పక్కన ఇంకెవరూ లేరు" అని చెప్పలేదు. మిశ్రమంలో మిథైల్ ఆల్కహాల్ ఉందో లేదో తేల్చడానికి వేరే పరీక్షలు, వేరే పరికరాలు కావాలి. కాబట్టి మూడో సీసామీద మీరు అంటించవలసిన చీటీ ఒకటే: "తెలియనిది. విషం అనుకోవాలి."